నిండు నూరేళ్లా, కోటిపల్లి రేవా?

అమలాపురంలో ఉన్న చిన్ననాటి స్నేహితుడికి పంపడానికి రెండు మెసేజ్‌లు.

మొదటిది: “హ్యాపీ బర్త్‌డే రా బావా! నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో, అష్టైశ్వర్యాలతో వర్ధిల్లాలి.”

రెండోది: “ఒరేయ్ బావా, హ్యాపీ బర్త్‌డే. ఆ రోజు కోటిపల్లి రేవులో ఆఖరి పంటు వెళ్లిపోతే, చెల్లాయి పరీక్ష అని యానాం వంతెన మీదుగా చుట్టూ తిప్పి దింపావు. దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉన్నావనుకో. ఈ ఏడాదైనా ఆ డొక్కు బండి మార్చు. సాయంత్రం పూతరేకులు తెస్తా, అత్తయ్యకి చెప్పకు.”

మొదటిదాంట్లో తప్పేం లేదు. కాకపోతే పేరు మార్చి మేనేజర్‌గారికి పంపినా సరిపోతుంది. రెండోది ఇంకెవరికీ పనికిరాదు. “నువ్వు చాలా మంచోడివి” అని అందులో ఎక్కడా లేదు. వాడు చేసిన పని ఉంది, తిట్టే అలవాటూ ఉంది. “అన్నీ కలిసి రావాలి” అనే చోట బండి వచ్చింది, ఎందుకంటే వాడు రోజూ తంటాలు పడేది దానితోనే. ఒక్క సంఘటన చాలు. నాలుగు కలిపితే సన్మానపత్రంలా తయారవుతుంది.

రెండోదానికీ ఓ ఇబ్బంది ఉంది. బండి మార్చే స్తోమత ఇప్పుడు లేదని తెలిస్తే ఆ వాక్యం తీసెయ్యాలి. బంధువులంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో అయితే మొదటిదే నయం. రెండోది విడిగా వాడికే పంపాలి. పూతరేకుల సంగతి అత్తయ్య చూస్తే ఇద్దరికీ క్లాసే.