లైఫ్ సర్టిఫికెట్: బ్యాంకుకు పోవాలా, పోస్ట్‌మ్యాన్‌ను పిలవాలా, ఇంట్లో ఫోన్ చాలా?

కేంద్ర ప్రభుత్వ, రైల్వే పెన్షనర్లు ఏటా నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇవ్వకపోతే డిసెంబర్ నుంచి పెన్షన్ ఆగుతుంది. తర్వాత ఇస్తే బకాయిలతో కలిపి వస్తుంది గానీ, బీపీ, షుగర్ మందులు ఆ పైసలతోనే కొనుక్కునేవాళ్లకు ఆ మధ్య రోజులు గడవడం కష్టం. 80 ఏళ్లు దాటినవాళ్లు అక్టోబర్ 1 నుంచే ఇవ్వవచ్చు. ఈపీఎఫ్ పెన్షన్ వచ్చేవాళ్లకు నవంబర్ లెక్క లేదు, పోయినసారి ఇచ్చిన తేదీ నుంచి ఏడాదిలోపు మళ్లీ ఇస్తే చాలు. ట్రెజరీ నుంచి పెన్షన్ తీసుకునేవాళ్లు గడువును అక్కడే కనుక్కోవాలి.

మా పెద్దనాయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఉండేది దేవరకద్ర దగ్గర పల్లెలో, పెన్షన్ పడేది మహబూబ్‌నగర్ స్టేట్ బ్యాంకులో. గడ్డపార పట్టి, కంకర ఎత్తి వేళ్ల మీది గీతలు అరిగిపోయాయి. ఆయనకు ఏ దారి మేలో చూస్తే చాలామంది పెద్దవాళ్ల సంగతి తేలిపోతుంది.

బ్యాంకులో కాగితం ఇవ్వడం పాత పద్ధతి. పీపీఓ అనే పెన్షన్ ఆర్డర్ కాగితం, పాస్‌బుక్, ఆధార్ తీసుకుపోయి, ఫారం నింపి, ఆఫీసర్ ముందు సంతకమో వేలిముద్రో వేయాలి. మిషన్ గొడవ లేదు. కానీ బస్సెక్కాలి, క్యూలో నిలబడాలి. ఆ దారిలో పోతే రసీదు చేతికి రానిదే కౌంటర్ దగ్గరి నుంచి కదలొద్దు, ఫారం ఎక్కడన్నా పడిపోతే మీ దగ్గర వేరే ఆధారం ఉండదు. రిటైరయ్యాక మళ్లీ ఉద్యోగంలో చేరినవాళ్లు, మళ్లీ పెళ్లి చేసుకున్న ఫ్యామిలీ పెన్షనర్లు ఈ దారినే పోవాలి, వాళ్లకు డిజిటల్ పనికిరాదు.

రెండోది పోస్ట్‌మ్యాన్. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ తరఫున ఇంటికే వచ్చి చేస్తారు. మామూలు చార్జీ 70 రూపాయలు. ఆ బ్యాంకులో ఖాతా అక్కర్లేదు, ఊరి పోస్టాఫీసులో చెప్పి పెట్టవచ్చు. మంచం దిగలేని వాళ్లకు ఇంతకన్నా మంచి సాయం లేదు. చిక్కు వేలిముద్రతోనే. మా పెద్దనాయన లాంటి చేతులకు మిషన్ ఊరికే ఒప్పుకోదు. సబ్బుతో కడుక్కుని, కొద్దిగా తడి చేసి, వేలు మార్చి చూడాలి. అప్పటికీ పడకపోతే ముఖంతో చేయమని అడగండి.

మూడోది ఇంట్లో మనుమడి ఫోన్. 2021 నవంబర్ నుంచి ముఖం చూపించి ఇచ్చే పద్ధతి వచ్చింది. ప్లే స్టోర్‌లో AadhaarFaceRD, Jeevan Pramaan అనే రెండు యాప్‌లు వేసుకోవాలి. మొదట మనుమడు తన ఆధార్‌తో, తన ముఖంతో ఆపరేటర్‌గా నమోదవుతాడు. ఆ తర్వాత పెద్దాయన ఆధార్ నంబర్, మొబైల్ నంబర్, పీపీఓ నంబర్, ఖాతా నంబర్, పెన్షన్ ఇచ్చే బ్యాంకు పేరు నింపి, ముఖాన్ని కెమెరాకు చూపించి కనురెప్పలు ఆడిస్తే పని అయిపోతుంది. ఒక్క పైసా ఖర్చు లేదు. పడలేదంటే ఎక్కువగా కారణం వెలుతురే: తలుపుకు వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లగా కనబడుతుంది. తలుపు వైపు ముఖం పెట్టి, కళ్లద్దాలు తీసి, తలకు చుట్టిన రుమాలు విప్పి కూర్చోబెట్టండి. ఆధార్‌లో ఫొటో మరీ పాతదైతే ఆధార్ సెంటర్‌లో మార్పించుకోవాలి.

బ్యాంకు పేరు ఎంచుకునే దగ్గర నిదానంగా చూడండి. మా పెద్దనాయన పీపీఓ మీద స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అని ఉంది. అది 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది కాబట్టి ఇప్పుడు ఎంచుకోవాల్సింది ఇండియానే. పీపీఓలో ఒక అంకె తప్పినా, ఖాతాకు ఆధార్ ముడిపడి లేకపోయినా సర్టిఫికెట్ తయారైనట్టే కనిపించి బ్యాంకు దగ్గర తిరస్కరణకు గురవుతుంది.

నా మాట ఏమిటంటే, ఇంట్లో కొంచెం కొత్త ఫోన్, అది వాడటం తెలిసిన పిల్లలు ఉంటే ముఖం పద్ధతే మేలు, అరిగిన వేళ్లున్నవాళ్లకు మరీ మేలు. ఒంటరిగా ఉండేవాళ్లు 70 రూపాయలకు వెనకాడకుండా పోస్ట్‌మ్యాన్‌ను పిలవండి. రెండూ కుదరకపోతేనే బ్యాంకు.

ఏ డిజిటల్ దారిలో ఇచ్చినా ప్రమాణ్ ఐడీతో మెసేజ్ వస్తుంది. దాంతో నిశ్చింతగా ఉండొద్దు. అది సర్టిఫికెట్ తయారైందని మాత్రమే చెబుతుంది. కొన్ని రోజులాగి బ్యాంకుకు ఫోన్ చేసి, మీ ఖాతాలో ఎక్కిందో లేదో అడగండి. ఎక్కకపోతే తప్పు దిద్ది కొత్తగా చేయాలి, పాత ఐడీ పనికిరాదు. అందుకే నెలాఖరు దాకా ఆగకుండా మొదటి వారంలోనే మొదలుపెట్టండి. నవంబర్‌లోనే 'మీ లైఫ్ సర్టిఫికెట్ మేం అప్‌డేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి' అని ఫోన్లు వస్తాయి. బ్యాంకు అలా అడగదు, పెట్టేయండి.