టెంకాయ లడ్డు: పచ్చి తురుమా, ప్యాకెట్ పొడా?

కాణిపాకం పోయొచ్చిన ప్రతిసారీ ఇంట్లో టెంకాయ చిప్పలు మిగులుతాయి. ఆ రోజు పచ్చి తురుముతో లడ్డు చేస్తాను. చిప్పలు లేనప్పుడు అంగడి నుంచి డెసికేటెడ్ కొబ్బరి పొడి తెస్తాను. మొదట్లో రెండింటికీ ఒకే కొలత పాలు పోసేదాన్ని. ఒకటి జారిపోయేది, ఇంకొకటి పొడిపొడిగా రాలేది.

తేడా నీళ్లలో ఉంది. పచ్చి టెంకాయలో దాదాపు సగం నీళ్లే. ప్యాకెట్ పొడిలో నూటికి మూడు పాళ్లు కూడా ఉండవు. అందుకే పచ్చిదానిలో పోసిన పాలు ఇంకిపోవాలి, పొడికేమో పాలు పట్టాలి.

నల్ల పొట్టు తీసి తురిమిన పచ్చి టెంకాయ రెండు కప్పులుంటే చిక్కటి పాలు అరకప్పు, చక్కెర ముప్పావు కప్పు చాలు. చెంచా నెయ్యిలో తురుమును రంగు మారకుండా సన్న మంట మీద రెండు నిమిషాలు వేయించి పాలు పోస్తాను. అవి ఇంకినాకే చక్కెర. చక్కెర పడగానే మళ్లీ జారుగా అవుతుంది, కంగారు పడక్కర్లేదు. ముద్ద బాణలి అంచు వదిలి ఒకచోటికి వచ్చేటప్పుడు కాస్త తీసి, ఆరనిచ్చి వేళ్ల మధ్య ఉండ చేసి చూడాలి. నిలిస్తే దించేయాలి. మా అత్త పక్కనుంటే అంతవరకూ కూడా ఆగదు: "ఇంగ తిప్పినావంటే పొడైపోతాది, దించమ్మే!" ఆమె మాట నిజమే. ఆరేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది కాబట్టి పొయ్యి మీద కొంచెం మెత్తగా ఉండాలి. తిప్పడం ఎక్కువైతే చక్కెర పలుకు కట్టి ఉండ విరిగిపోతుంది. అప్పుడు రెండు చెంచాల వేడి పాలు చల్లి సన్న సెగ మీద కలిపితే చాలావరకు దారికొస్తుంది.

ప్యాకెట్ పొడి రెండు కప్పులకు పాలు ఒక కప్పు కావాలి. గోరువెచ్చటి పాలు పోసి, మూతపెట్టి ఇరవై నిమిషాలు నానబెట్టాలి. చక్కెర ఆ తర్వాతే. ముందే వేస్తే పాలలోని తడిని చక్కెర పట్టేసుకుంటుంది, పొడి నానదు. ఉండ కడుతుంది గానీ తింటుంటే రంపపు పొట్టు నమిలినట్టుంటుంది. నానితే పొయ్యి మీద పని అయిదారు నిమిషాలే. ఎండు కొబ్బరి కోరి ఇదే పొడి అనుకోవద్దు. దాని వాసన ఘాటు, పాల లడ్డుకు అతకదు.

ఫ్రిజ్‌లో పెడితే రెండూ రాయవుతాయి. కొబ్బరి నూనె 24 డిగ్రీల లోపు గడ్డకడుతుంది, అంతే. అరగంట ముందు బయటపెడితే మళ్లీ మెత్తబడతాయి.

మెత్తదనానికైతే నా ఓటు పచ్చి తురుముకే. కానీ తిరుపతి ఎండల్లో అది బయట ఒక పూట దాటితే నమ్మను. ఫ్రిజ్‌లో మూడు రోజులు. చిప్పలు లేని రోజు, లేదా ఉండలు సమంగా, తెల్లగా కనపడాల్సిన పేరంటానికి ప్యాకెట్ తెస్తాను. నానబెట్టే ఇరవై నిమిషాలు లేకపోతే మాత్రం ఆ రోజు లడ్డు మాట ఎత్తను.