గొంతు వాపు: చూపు చెప్పేది, వేళ్లు చెప్పేది

నీళ్లు మింగించి చూస్తే, థైరాయిడ్ వాపు సాధారణంగా స్వరపేటికతో పాటు పైకి లేస్తుంది. వాపు ఎక్కడిదో చూపు చెబుతుంది. ఎలాంటిదో తెలియాలంటే వేళ్లు కావాలి.

ఇద్దరు రోగులకు మెడ రెండు వైపులా ఒకేలా ఉబ్బింది, మింగితే ఒకేలా కదులుతోంది అనుకుందాం. వెనక నిలబడి, గడ్డం కాస్త దించమని, మింగుతుండగా తడిమితే తేడా తెలుస్తుంది. ఒకరిది మెత్తగా ఉంది, స్టెతస్కోప్ పెడితే హోరు. థైరాయిడ్ అతిగా పనిచేసే, దానిలో రక్తప్రవాహం బాగా పెరిగిన గ్రేవ్స్ వ్యాధిని అది సూచిస్తుంది. (గుండె నుంచి పాకిన శబ్దమైతే ఛాతీ వైపు జరిగేకొద్దీ పెరుగుతుంది.) రెండోది రబ్బరులా గట్టిగా, నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు నేను, శరీర రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్‌ను దెబ్బతీసే హషిమోటో వ్యాధి వైపు మొగ్గుతాను. పరిమాణం మాత్రం గ్రంథి పనితీరును చెప్పదు. మింగినా కింది అంచు వేలికి అందకపోతే వాపు ఛాతీలోకి దిగి ఉండొచ్చు.