అత్తయ్య ఫోనులోంచి వారం వారం పోయిన 159: ప్లే స్టోర్ సబ్‌స్క్రిప్షన్ పేజీ, యూపీఐ ఆటోపేలతో 14 నెలల అనుభవం

మా అత్తయ్య ఇప్పటికీ నల్లకుంటలో బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుంటారు. విషయం బయటపడింది దాని వల్లే. "ఏమ్మా, వారం వారం నూట యాభై తొమ్మిది ఎవరికి పోతున్నాయి?" అని పుస్తకం నా ముందు పెట్టారు. చూస్తే సరిగ్గా ఏడేసి రోజులకు ఒకటి, మొత్తం పదకొండు ఎంట్రీలు. అంటే 1,749 రూపాయలు. ఫోనులో ఆడే ఆటలో వజ్రాలు, నాణేలు కొంటే తేదీలు ఎలా పడితే అలా ఉంటాయి. ఇలా ఒకే మొత్తం ఒకే ఎడంతో పోతుంటే అది సబ్‌స్క్రిప్షనే.

పదేళ్ల మా వాడు ఆడుకునేది ఆవిడ ఫోనులోనే. ప్లే స్టోర్ తెరిచి, పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కి, `Payments & subscriptions`లో `Subscriptions` చూశాను. ఖాళీ! ఒక పూటంతా బ్యాంకువాళ్లదే తప్పనుకున్నాను. అసలు సంగతేమిటంటే ఆ ఫోనులో రెండు గూగుల్ ఖాతాలున్నాయి. ఫొటోల కోసం నేను పెట్టిన నాది ఒకటి, ఫోను కొన్నరోజు షాపు కుర్రాడు అత్తయ్య పేరు మీద తెరిచింది ఇంకొకటి. ఆ పేజీ అప్పుడు తెరిచి ఉన్న ఖాతాలోవి మాత్రమే చూపిస్తుంది. ఆటను ఏ ఖాతాతో దించుకుంటే కొనుగోలు మామూలుగా దాని మీదే పడుతుంది. ప్రొఫైల్ బొమ్మ దగ్గర ఖాతా మార్చగానే ఆట తాలూకు వారం పాస్ కనిపించింది.

ఎన్నిసార్లు కట్ అయిందో తేల్చుకోవడానికి పాస్‌బుక్ కంటే రసీదు మెయిలే నాకు నచ్చింది. ఆర్డర్ నంబరు `GPA.`తో మొదలవుతుంది. రెన్యూవల్ అయిన ప్రతిసారీ అదే నంబరు చివర `..0`, `..1`, `..2` అని చేరుతూ పోతుంది. మాది మూడు రోజుల ఉచిత ట్రయల్‌తో మొదలైంది కాబట్టి డబ్బు పడ్డ మొదటిది `..0`, ఆఖరిది `..10`. పాస్‌బుక్‌లోని పదకొండుతో లెక్క సరిపోయింది.

పిన్ ఎవరు కొట్టారంటారా? అత్తయ్యే. "నానమ్మా, ఫ్రీయే, ఒక్కసారి నంబర్ కొట్టు" అన్నాడట. ఆటోపే మ్యాండేట్‌కు, అంటే డబ్బు దానంతటదే కట్ అవ్వడానికి ఇచ్చే అనుమతికి, పిన్ అడిగేది ఆ ఒక్కసారే. తర్వాత 15,000 లోపు మామూలు కోతలకు అడగదు. కోతకు 24 గంటల ముందు సందేశం రావాలి, వచ్చింది కూడా. ఇంగ్లీషులో, లోన్ల మెసేజీల మధ్యన.

ఆపేటప్పుడు ముందు ప్లే స్టోర్‌లో `Cancel subscription`, ఆ తర్వాతే యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితాకు వెళ్లి మ్యాండేట్ రద్దు. మ్యాండేట్ ఒక్కటే తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ బతికే ఉంటుంది. ఖాతాలో బ్యాకప్‌గా కార్డు ఉంటే కోత దాని మీదికి మళ్లొచ్చు. మావారు అప్పటికే ఆటను ఫోన్లోంచి తీసేసి పని అయిపోయిందనుకున్నారు. యాప్ తీసేసినా సబ్‌స్క్రిప్షన్ ఆగదు. రద్దు చేశాక కూడా కట్టిన వారం ముగిసేదాకా పాస్ పనిచేస్తుంది, రిఫండ్ పడేదాకా మా వాడు ఒక్క నిమిషం వదల్లేదు.

డబ్బు వెనక్కి రావడం మాత్రం అంతంతే. 48 గంటల లోపు కోతకు ప్లే స్టోర్‌లోనే రిఫండ్ అడగొచ్చు, నాకు ఆఖరి 159 వచ్చింది. పాత వాటికి ఆట తయారుచేసినవాళ్లకు రాయాలన్నారు. రెండు మెయిళ్లు రాశాను, జవాబు లేదు.

ఇక కాపలా. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో `Purchase verification` ప్రతి కొనుగోలుకూ అడిగేలా పెట్టి, వేలిముద్ర ఆన్ చేశాను. రెండు వారాలకే ఇంకో కొనుగోలు! ఫోను తెరుచుకోవడానికని వాడి వేలు కూడా ఎప్పుడో ఎక్కించారు, ఆ ఫోనులో ఉన్న ఏ వేలైనా దానికి సరిపోతుంది. వాడి వేలిముద్ర తీసేశాక గాని అది కాపలా అనిపించుకోలేదు. పైగా ఆ సెట్టింగ్ ఆ ఒక్క ఫోనుకే, ట్యాబ్‌లో మళ్లీ విడిగా పెట్టాలి. పిల్లల ఫోను వాడకం మీద కన్నేసి ఉంచే గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ కూడా చూశాను. అది పిల్లవాడి ఖాతా మీదే పనిచేస్తుంది, నానమ్మ ఖాతాలోకి మారితే దానికి పట్టదు. మా ఇంట్లో కుదరలేదు.

ఈ పేజీలు చూపించనిది ఒకటుంది. ఆట సొంత వెబ్‌సైటులో నేరుగా కడితే ప్లే స్టోర్ చరిత్రలో పడదు. అందుకే నెలకోసారి యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితాతో పాటు లావాదేవీల చరిత్ర కూడా చూస్తాను, రెండూ కలిపి అయిదు నిమిషాల పని.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆఫీసులో ఉండగా అత్తయ్య ఫోన్. "వీడు వేలు పెట్టమంటున్నాడు, ఫ్రీ అంటున్నాడు. పెట్టనా?"

వద్దన్నాను. వెనకనుంచి వాడి ఏడుపు వినిపించింది.