ఆరు నెలలు నిండిన బిడ్డకు ఉగ్గు పొడా, మెదిపిన పప్పన్నమా?

ఖర్చులో తేడా లేదు. రెండింటికీ బియ్యం, పెసరపప్పు, కాస్త నెయ్యి చాలు.

శ్రమ: ఉగ్గు ఒకసారి వేయించి పొడి కొట్టుకుంటే వారం గడుస్తుంది, ప్రయాణాల్లోనూ పనికొస్తుంది. పప్పన్నం రోజూ వండాల్సిందే. ఇంటి కుక్కర్లోంచే ఉప్పు, కారం వేయకముందు తీస్తే అదో పనే కాదు.

మెత్తదనం: అసలు తేడా ఇక్కడే. ఉగ్గు ఎన్ని నెలలైనా జావలాగే ఉంటుంది. పప్పన్నమైతే ఆరు నెలలు నిండగానే గుజ్జుగా, ఎనిమిదో నెలలో వేళ్లతో నలిపి, తొమ్మిది, పదిలో చిన్న పలుకులతో పెట్టొచ్చు. పలుకులు మరీ ఆలస్యమైతే కొందరు పిల్లలు తర్వాత ఉమ్మేస్తారు. ఏది పెట్టినా చెంచా వంచితే నీళ్లలా జారకూడదు. పలచనైతే పొట్ట నిండుతుంది, బలం అందదు.

అలర్జీ: మా అత్తయ్య ఉగ్గులో జీడిపప్పు, బాదం, వేరుశనగ అన్నీ కలిపేది. ఒంటిమీద దద్దుర్లొస్తే దేనివల్లో ఎలా తెలుస్తుంది? పప్పన్నంలో కొత్తది ఒక్కటే కలిపి, మూడు రోజులు చూడొచ్చు. గుడ్డు, వేరుశనగ పగటిపూట కొంచెంగా మొదలుపెట్టండి. బిడ్డకు చర్మం పొడిబారి దురదపెట్టే ఎగ్జిమా తీవ్రంగా ఉంటే ముందు డాక్టర్ని అడగండి. ముఖం వాచినా, ఆయాసపడినా వెంటనే ఆసుపత్రికి. ఏడాదిలోపు తేనె వద్దు.

మొదటి వారాలకు, ఊరెళ్లే రోజులకు నట్స్ లేని ఉగ్గు. ఇంట్లో ఉంటే, ఏడో నెల దాటాక మాత్రం పప్పన్నమే.