ప్రశ్న మధ్యలోనే బజరా, పూర్తిగా విన్నాకా? క్విజ్ స్క్రిప్టుకు ఏది మేలు

క్విజ్ వీడియోకు స్క్రిప్టు రాయబోయే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: బజర్ ఎప్పటి నుంచి పనిచేయాలి? యాంకర్ మాటలు, స్కోరు గ్రాఫిక్, సౌండ్ అన్నీ దాని వెనకే నడుస్తాయి.

బ్రిటన్ షో ‘యూనివర్సిటీ ఛాలెంజ్’లో ప్రశ్న మధ్యలోనే నొక్కొచ్చు. సరైతే 10 పాయింట్లు. తొందరపడి నొక్కి తప్పు చెబితే 5 పోతాయి. అమెరికా ‘జెపర్డీ!’లో మాత్రం 1985 నుంచి, చదవడం పూర్తయ్యేదాకా ఆగాలి. ముందే నొక్కినవారి బజర్ పావు సెకను మూగబోతుంది.

మొదటి పద్ధతిలో టెన్షన్ ఎక్కువ, కాదనను. కానీ తెలుగులో అడిగే మాట సాధారణంగా చివర్లో వస్తుంది. “1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి...” అనగానే ఒకరు నొక్కితే, అడగబోయేది ముఖ్యమంత్రి గురించో రాజధాని గురించో ఎవరికి తెలుసు? అది లాటరీ. కాబట్టి ఈ పద్ధతికి ప్రశ్నను తిరగరాయాలి:

యాంకర్: ఏ నగరం రాజధానిగా 1953 అక్టోబరు 1న // ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది?
సౌండ్: బి టీమ్ బజర్.
గ్రాఫిక్: ప్రశ్న // దగ్గరే ఆగాలి. బి టీమ్ పెట్టె వెలగాలి.
బి టీమ్: గుంటూరు.
యాంకర్: కాదు. ఎ టీమ్ కోసం ప్రశ్న పూర్తిగా చదువుతాను.
గ్రాఫిక్: “కాదు” అన్నాకే బి స్కోరు 40 నుంచి 35.
ఎ టీమ్: కర్నూలు.

బజర్ మోగిన చోటును చూపే // గుర్తు ఎక్కడ పడుతుందో ముందే తెలియదు. షూటింగ్‌లో ఎవరో ఒకరు కాగితం మీద గీసుకోవాలి. అది లేకపోతే ఎడిటర్ ప్రశ్న మొత్తం ఒకేసారి తెర మీద వేసేస్తాడు. సగమే విన్న టీమ్ తప్పు చెప్పిందేమిటని చూసేవాళ్లు నవ్వుకుంటారు. సెట్లో మ్యూజిక్ కూడా వేయకూడదు. యాంకర్ మాట కింద అది రికార్డయితే, కట్ చేసిన ప్రతిచోటా పాట ఎగిరిపడుతుంది. ఎడిటింగ్‌లో కలపడమే సుఖం.

పూర్తిగా విన్నాక నొక్కే పద్ధతిలో ఈ తలనొప్పులు చాలావరకు ఉండవు. ప్రశ్న మొత్తం తెర మీద పెట్టొచ్చు, ఇంట్లో చూసేవాళ్లకూ ఆలోచించే సమయం దొరుకుతుంది. అయితే చివరి అక్షరం పలకగానే బజర్లు తెరిచే మనిషి, టీమ్‌లకు కనిపించే లైటు కావాలి. లైటు లేకపోతే ఎప్పుడు నొక్కాలో తెలియక టీమ్‌లు యాంకర్ పెదవులే చూస్తూ కూర్చుంటాయి.

చిన్న యూనిట్‌తో ఒక్కరోజులో నాలుగు ఎపిసోడ్లు తీసేవాళ్లకు నేను రెండోదే చెబుతాను. చివరి అయిదు ప్రశ్నలకు మాత్రం మొదటి పద్ధతి పెట్టండి. ఆ అయిదింటినీ పైన చూపినట్టు తిరగరాసి, యాంకర్ తడబడితే తీసేసి వాడుకోవడానికి మరో రెండు ప్రశ్నలు పక్కన ఉంచుకోండి.