ఫొటో కింద ఏమి రాయాలి: గుణగణాలా, అంకెలా, చేసిన పనా?

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు దగ్గరలో, పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో కంపెనీ పేజీ నేనే చూస్తాను. నెలకు ఒక ఉద్యోగిని అందులో పరిచయం చేస్తాం. ఈసారి వంతు పత్తిలో చెత్త ఏరే విభాగంలో పనిచేసే ఒక అక్కది. ఫొటో బాగా వచ్చింది. దాని కింద పెట్టాల్సిన నాలుగు మాటల దగ్గరే ఆగిపోయాం, ఎందుకంటే బల్ల మీద మూడు రకాల రాతలు ఉన్నాయి.

మొదటిది: “నిబద్ధతకు మారుపేరు. కష్టపడే తత్వం, అందరితో కలిసిపోయే స్వభావం ఈమె సొంతం. అభినందనలు!”

రెండోది: “ఈమె చొరవతో మా పత్తిలో ప్లాస్టిక్ పోగులు సగానికి తగ్గాయి.”

మూడోది: “పత్తిలో దొరికే నీలం పోగులు రైతుల బస్తాలవి కావు, మన యార్డులో పత్తి కింద పరిచే ప్లాస్టిక్ పట్టాలవే అని మొదట పట్టుకున్నది ఈమె. ఆ పట్టాలు తీసేసి నూలు దుప్పట్లు పరిచాం.”

మొదటిదాన్ని పక్కన పెట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు. పోయిన నెల లారీ డ్రైవర్ ఫొటో కింద దాదాపు ఇవే మాటలు రాశాం. అక్క చదివితే ఇందులో తన పని ఎక్కడా కనిపించదు.

మిగిలిన రెండింటిలో ఏది మేలో తేల్చాలంటే ముందు ఆమె చేసిన పని తెలియాలి. పత్తిలో ప్లాస్టిక్ పోగు ఉంటే యంత్రంలోకి పోకముందే ఏరేయాలి. లోపలికి పోయిందంటే ముక్కలై దూదిలో కలిసిపోతుంది, ఆ తర్వాత ఏరడం ఎవరి వల్లా కాదు. నూలుకు పట్టే రంగు ప్లాస్టిక్‌కు పట్టదు కాబట్టి, బట్ట నేసి అద్దకం వేశాక అక్కడ గీతలా తేలుతుంది. అప్పుడు ఫిర్యాదు స్పిన్నింగ్ మిల్లు మీదుగా తిరిగి మా దగ్గరికే వస్తుంది.

ఈ పోగులన్నీ రైతులు పత్తి నింపి తెచ్చే ఎరువుల బస్తాలవని మేమంతా అనుకునేవాళ్లం. అక్క మాత్రం ఏరిన పోగులను పారేయకుండా రంగుల వారీగా డబ్బాల్లో వేసి ఉంచింది. బస్తాలు లేకుండా ట్రాలీల్లో విడిగా పత్తి వచ్చిన రోజున తెల్ల పోగులు దాదాపు కనిపించలేదు. నీలం పోగులు మాత్రం ఎప్పటిలాగే దొరికాయి. ఆమె నేరుగా యార్డులోకి వెళ్లి కుప్ప కింద పరిచిన నీలం పట్టా అంచు ఎత్తి చూసింది. పారలు తగిలి, ట్రాలీ చక్రాల కింద నలిగి, అంచు పొడవునా పీచులు లేచి ఉన్నాయి.

ఇక రెండో రాత విషయం. అంకె చూడగానే నమ్మకం కలుగుతుంది, అందుకే మా ఆఫీసులో దానికే ఎక్కువ మంది మొగ్గు చూపారు. లెక్క అడిగితే, నవంబరులో ఏరిన పోగులను జనవరిలో ఏరినవాటితో పోల్చామన్నారు. ఆ రెండు నెలలకు పోలికే లేదు. జనవరి నాటికి మా మిల్లుకు పత్తి రాక పలచబడింది. పత్తి తక్కువైతే పోగులూ తక్కువే దొరుకుతాయి, అందులో అక్క చొరవ ఎంతో ఎవరు చెప్పగలరు? వంద బేళ్లకు ఎంత బరువు పోగులు వచ్చాయో, ఒకే ఏరుడు పత్తిలో, పట్టాలు మార్చక ముందూ తర్వాతా తూచి ఉంటే ఆ అంకెను నేనే మొదటి వాక్యంలో పెట్టేదాన్ని. మా రిజిస్టరులో ఉన్నది ఒక్క షిఫ్టు లెక్క. దాన్ని పట్టుకుని “సగం” అని రాస్తే, కొనేవారు కాగితాలు అడిగిన రోజున అక్క చేసిన నిజమైన పని కూడా అనుమానం పాలవుతుంది.

మూడోదే మేలన్నాను. యజమాని వెంటనే ఒప్పుకోలేదు. “తప్పు మన యార్డుదేనని మనమే చెప్పుకోవాలా?” అన్నారు. ఆ మాట తీసేస్తే ఆమె కనిపెట్టింది ఏమిటో మిగలదని చెప్పాను. తెల్ల పోగులు ఏరడం అందరూ చేస్తున్న పనే. తప్పు మనవైపే ఉందని గమనించడమే ఆమె ప్రత్యేకంగా చేసినది. పట్టాలు మార్చేశాం కాబట్టి దాచుకోవాల్సిందీ లేదు. చివరికి ఆయన సరేనన్నారు.

ఫోనులో చూసేవారికి మొదట ఒకటి రెండు వరుసలే కనిపిస్తాయి, మిగతాది వేలితో తాకితేనే తెరుచుకుంటుంది. అందుకే “ఈ నెల ఉద్యోగిని పరిచయం చేయడానికి సంతోషిస్తున్నాం” అన్న వాక్యాన్ని కొట్టేసి, నీలం పోగులతోనే మొదలుపెట్టాను.

పెట్టే ముందు అక్కకు చదివి వినిపించాను. ఫొటోకు ఒప్పుకుంది, ఊరి పేరు మాత్రం వద్దంది. తర్వాత కాసేపు ఆలోచించి, “దుప్పట్లు కుట్టింది నేను కాదమ్మా, గోదాములో ఇద్దరు ఆదివారం కూర్చుని కుట్టారు” అంది. ఆ ఇద్దరినీ అడిగి, చివరి వాక్యం మార్చాను: “ఆ పట్టాలు తీసేసి, మా గోదాము సిబ్బంది ఇద్దరు కుట్టిన నూలు దుప్పట్లు పరిచాం.”